డైరెక్ట్ నుంచి ఇన్‌డైరెక్ట్: బాబు రాసిన జవాబులో తప్పెక్కడ?

పద్మ_కర్నూలు
నమస్కారం అండీ. మా బాబు టెన్త్. ఇంగ్లీషు పేపర్‌కి రోజూ నాలుగు వాక్యాలు మార్పిస్తున్నాను. నేను తెలుగు మీడియంలో చదివాను, అందుకని దిద్దేటప్పుడు ధైర్యం చాలడం లేదు. ఇవాళ్టి వాక్యం ఇది.

ద టీచర్ సెడ్ టు లత, "ఐ గేవ్ యూ దిస్ బుక్ యెస్టర్‌డే, బట్ యూ హావ్ నాట్ ఓపెన్డ్ ఇట్ యెట్."

బాబు రాసింది: ద టీచర్ టోల్డ్ టు లత దట్ షి గేవ్ హర్ దట్ బుక్ ద ప్రీవియస్ డే, బట్ షి హ్యాజ్ నాట్ ఓపెన్డ్ ఇట్ యెట్.

గైడులో ఉన్నది: ద టీచర్ టోల్డ్ లత దట్ షి హ్యాడ్ గివెన్ హర్ దట్ బుక్ ద ప్రీవియస్ డే, బట్ షి హ్యాడ్ నాట్ ఓపెన్డ్ ఇట్ యెట్.

రెండూ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తోంది కానీ ఎందుకో తెలియడం లేదు. పైగా గైడులో "షి" రెండుసార్లు వచ్చింది. మొదటి "షి" టీచరా, రెండో "షి" లతా? గైడు లేకుండా నేనే దిద్దుకునే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి.

కోచింగ్_కిరణ్
సింపుల్ అండీ. ఎస్-ఓ-ఎన్ గుర్తు పెట్టుకోండి. కొటేషన్ లోపల ఐ, మై, మి, వీ ఉంటే బయటున్న సబ్జెక్టును బట్టి మారతాయి. యూ, యువర్ ఉంటే బయటున్న ఆబ్జెక్టును బట్టి. హి, షి, దే ఉంటే మార్పు లేదు. ఇక్కడ సబ్జెక్టు టీచర్, ఆబ్జెక్టు లత. అంతే, ప్రొనౌన్లు అయిపోయాయి.

టెన్స్ ఒక మెట్టు వెనక్కి. తర్వాత టైమ్ వర్డ్స్ పట్టిక బట్టీ పట్టించండి: నౌ అంటే దెన్, హియర్ అంటే దేర్, దిస్ అంటే దట్, ఇట్ అంటే దట్, యెట్ అంటే టిల్ దెన్, కమ్ అంటే గో. పట్టికలో మాట కనిపించగానే మార్చేయడమే.

ఓరుగల్లు_మాష్టారు
కిరణ్ చెప్పిన మొదటి పేరా పరీక్షలో వచ్చే వాక్యాల్లో చాలావాటికి పనికొస్తుంది. ఎక్కడ పనిచేయదో తర్వాత చూద్దాం. పట్టికలో మాత్రం మూడు మాటలు కొట్టేయండి. "ఇట్" మారదు. ఇక్కడ ఇట్ అంటే పుస్తకం, ఎవరు చెప్పినా ఎప్పుడు చెప్పినా అది పుస్తకమే. "యెట్" కూడా అలాగే ఉంటుంది. "కమ్" అనేది చోటు మారినప్పుడే మారుతుంది, కనిపించగానే కాదు.

పద్మగారూ, దిద్దేటప్పుడు జవాబుతో మొదలుపెట్టకండి. ముందు ప్రశ్నలో కొటేషన్ల మధ్య ఉన్న భాగం తీసుకుని మారాల్సిన మాటలకు పెన్సిల్‌తో సున్నాలు చుట్టండి. ఏ మాటకు చుట్టాలో తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. ఈ మాట ఎవరు మాట్లాడుతున్నారన్న దాన్ని బట్టి మారేదా? ఎప్పుడు మాట్లాడుతున్నారన్న దాన్ని బట్టి మారేదా? ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారన్న దాన్ని బట్టి మారేదా? మూడింటికీ కాదు అంటే సున్నా వద్దు.

మీ వాక్యంలో ఐ, గేవ్, యూ, దిస్, యెస్టర్‌డే, యూ, హావ్ నాట్ ఓపెన్డ్. మొత్తం ఏడు సున్నాలు. బుక్, బట్, ఇట్, యెట్‌లకు సున్నా లేదు.

ఇప్పుడు బాబు జవాబు తీసి ఏడూ ఒక్కొక్కటే చూడండి. ఐ స్థానంలో షి, సరే. గేవ్ స్థానంలో గేవ్ అలాగే ఉంది, దీనికి ప్రశ్నార్థకం పెట్టండి. యూ స్థానంలో హర్, సరే. దిస్ స్థానంలో దట్, సరే. యెస్టర్‌డే స్థానంలో ద ప్రీవియస్ డే, సరే. రెండో యూ స్థానంలో షి, సరే. హావ్ నాట్ స్థానంలో హ్యాజ్ నాట్.

ఈ ఏడోది బాగా చూడండి, ఇది దిద్దేవాళ్ళనే మోసం చేస్తుంది. హావ్ పోయి హ్యాజ్ వచ్చింది కాబట్టి మాట మారినట్టే కనిపిస్తుంది. కానీ అది యూ పోయి షి వచ్చినందుకు జరిగిన మార్పు, అంటే మనిషి మారినందుకు. కాలం మారినందుకు రావాల్సిన మార్పు ఇంకా బాకీ ఉంది. క్రియకు రెండు లెక్కలు ఉంటాయి: ఎవరు అన్న లెక్క, ఎప్పుడు అన్న లెక్క. పిల్లలు మొదటిది తేల్చి రెండోది మరిచిపోతారు. ఆమ్ పోయి ఈజ్ రావడం, డోంట్ పోయి డజంట్ రావడం, ఇవన్నీ ఇదే జబ్బు. జవాబులో దట్ తర్వాత ఈజ్, హ్యాజ్, డజ్ కనబడితే, బయట సెడ్ అని ఉంటే, అక్కడ ఒక్క క్షణం ఆగండి.

"టోల్డ్ టు లత" కొటేషన్ బయటి తప్పు. "లతకు చెప్పింది", "లతతో చెప్పింది" అని మనం విభక్తి పెట్టి మాట్లాడతాం కనుక చేయి దానంతటదే "టు" రాసేస్తుంది. టోల్డ్ తర్వాత నేరుగా మనిషి రావాలి. సెడ్ తర్వాత మనిషి రావాలంటే టు కావాలి. రెండూ కలిపేస్తేనే గొడవ. వినే మనిషి పేరు వాక్యంలో లేకపోతే టోల్డ్ వాడకండి, సెడ్ అనే ఉంచండి.

పద్మ_కర్నూలు
మాష్టారూ, సున్నాల పద్ధతి బాగా అర్థమైంది. హ్యాజ్ తప్పని నాకు అసలు తట్టలేదు. కానీ గేవ్‌కు ప్రశ్నార్థకం అన్నారు, తప్పు అనలేదు. ఎందుకు?

అక్షర_సిరి
నాకు ఇదంతా వింతగా ఉందండీ. టెన్త్ తెలుగు పేపర్లో ఇంత గొడవ లేదే? నేను అంటే తాను, మేము అంటే తాము. క్రియ ముట్టుకోం. "నేను రాను" అని రఘు అన్నాడు, తాను రానని రఘు అన్నాడు. కాలం వెనక్కి జరపడం ఎక్కడా లేదు. మీకు ఎవరో తప్పు చెప్పినట్టున్నారు.

ఓరుగల్లు_మాష్టారు
సిరి గారూ, పద్మగారు అడుగుతున్నది ఇంగ్లీషు పేపర్ గురించి. మీరు చెప్పింది తెలుగుకు పూర్తిగా నిజం. మన పిల్లలకు ఈ పాఠం ఎందుకు ఎక్కదో కూడా అందులోనే ఉంది.

"తాను రానని రఘు అన్నాడు" చూడండి. "తాను" అన్నాం కానీ క్రియ మాత్రం "రాను" అనే ఉత్తమ పురుషలోనే ఉండిపోయింది. "రాడని" అన్నామంటే అది వేరే ఎవరి గురించో అవుతుంది. అంటే తెలుగులో "అని" పెట్టిన తర్వాత కూడా లోపల మాట్లాడిన మనిషి గొంతు మిగిలే ఉంటుంది, రఘు నోటి నుంచి వచ్చిన కాలం రఘుదే. మాట్లాడేటప్పుడైతే "నేను రానన్నాడు" అని నేనును కూడా మార్చకుండా అలాగే ఉంచేస్తాం, ఎవరూ పొరబడరు.

ఇంగ్లీషులో ఆ గొంతు ఉండదు. కొటేషన్లు తీసేశాక మొత్తం వాక్యం చెప్పేవాడిదే. కాబట్టి మనిషీ కాలమూ రోజూ అన్నీ చెప్పేవాడు ఎక్కడ నిలబడ్డాడో అక్కడి నుంచి లెక్కపెట్టాలి. మన పిల్లవాడు తెలుగులో ఆలోచించి "తను నిన్న పుస్తకం ఇచ్చానని, నువ్వు ఇంకా తెరవలేదని అంది" అనుకుని రాస్తాడు. ప్రొనౌన్ మారుస్తాడు, ఎందుకంటే "తాను" అన్న అలవాటు ఉంది. క్రియ మార్చడు, ఎందుకంటే ఆ అలవాటు లేదు. బాబు జవాబులో సరిగ్గా అదే జరిగింది: ప్రొనౌన్లు మూడూ ఒప్పు, క్రియలు రెండూ వెనక్కి జరగలేదు.

అక్షర_సిరి
ఓ, ఇంగ్లీషు పేపరా! సరిగ్గా చదవలేదు, క్షమించండి. "రాడని" పోలిక మాత్రం బాగుంది.

బెజవాడ_డెస్క్
గేవ్ సంగతి నేను చెప్తాను. ఇంగ్లీషు కాపీ దిద్దడం నా పని.

సాదా భూతకాలాన్ని హ్యాడ్‌లోకి నెట్టడం ఎందుకంటే, రెండు పనుల్లో ఏది ముందు జరిగిందో తెలియాలి కనుక. టీచర్ చెప్పడం ఒక పని, పుస్తకం ఇవ్వడం అంతకు ముందు పని. కానీ ఈ వాక్యంలో "ద ప్రీవియస్ డే" అని ఉండనే ఉంది. ఇవ్వడం ముందు జరిగిందని ఆ మాటే చెప్పేస్తోంది. అందుకే ఇలాంటి చోట ఇంగ్లీషువాళ్ళు "షి గేవ్ హర్ దట్ బుక్ ద ప్రీవియస్ డే" అని వదిలేస్తారు, చదివేవాళ్ళకు ఇబ్బంది ఉండదు. హ్యాడ్ గివెన్ కూడా తప్పు కాదు.

హ్యాజ్ నాట్ ఓపెన్డ్ మాత్రం అలా కాదు. "ద ప్రీవియస్ డే" అనగానే చెప్పేవాడు వేరే రోజు నిలబడి వెనక్కి చూస్తున్నాడు. "హ్యాజ్ నాట్ ఓపెన్డ్ యెట్" అంటే ఈ క్షణానికి కూడా తెరవలేదని. ఒకే వాక్యంలో ఒక కాలు ఆ రోజున, ఇంకో కాలు ఇవాళ. రెండు పడవల మీద కాళ్ళు. నేను కాపీలో వెతికేది ఇదే: వాక్యంలోని క్రియలు, రోజు మాటలు అన్నీ ఒకే రోజు నుంచి చూస్తున్నాయా లేదా.

ఓరుగల్లు_మాష్టారు
వాడుక గురించి డెస్క్ గారు చెప్పింది నిజమే, అందుకే ప్రశ్నార్థకం అన్నాను. కానీ పరీక్ష రాసే పిల్లవాడికి నా సలహా హ్యాడ్ గివెన్ రాయమనే. ఆ ప్రశ్న పెట్టింది టెన్స్ మార్చడం వచ్చో రాదో చూడటానికి. గేవ్ అలాగే ఉంచితే తెలిసి ఉంచాడో తెలియక ఉంచాడో దిద్దేవాళ్ళకు ఎలా తెలుస్తుంది?

బెజవాడ_డెస్క్
అది పరీక్ష తెలివి మాష్టారూ, భాష కాదు. పిల్లవాడికి రెండూ ఒప్పని చెప్పి, పరీక్షలో ఇది రాయి అని చెప్పడం మంచిది. లేకపోతే పెద్దయ్యాక రాసే ప్రతి వాక్యంలో హ్యాడ్ హ్యాడ్ అని నింపేస్తారు. అలాంటి కాపీ రోజూ నా బల్ల మీదకు వస్తుంది.

న్యూజెర్సీ_నాన్న
ఇక్కడ మా అమ్మాయి స్కూల్లో ఇంత కచ్చితంగా చూడరు. "మై టీచర్ సెడ్ షి గేవ్ మి ద బుక్ యెస్టర్‌డే" అన్నా ఒప్పే. యెస్టర్‌డేను ప్రీవియస్ డే అని మార్చమని ఎవరూ అడగరు. అసలు మార్చాల్సిన అవసరం ఏమిటి?

బెజవాడ_డెస్క్
మీ అమ్మాయి ఏ రోజు చెప్పింది అన్నదే అసలు ప్రశ్న అండీ. వారాలు పెట్టి చూద్దాం.

టీచర్ ఆ మాట సోమవారం అన్నారనుకోండి. టీచర్ నోట యెస్టర్‌డే అంటే ఆదివారం. అదే సోమవారం సాయంత్రం అమ్మాయి ఇంటికొచ్చి మీకు చెప్తే, అమ్మాయికి కూడా యెస్టర్‌డే అంటే ఆదివారమే. కాబట్టి మార్చక్కర్లేదు. మారిస్తేనే ఎబ్బెట్టుగా ఉంటుంది.

అదే మాట అమ్మాయి శుక్రవారం చెప్తే? శుక్రవారం నాడు యెస్టర్‌డే అంటే గురువారం. టీచర్ గురువారం పుస్తకం ఇవ్వలేదు. అందుకని ద ప్రీవియస్ డే లేదా ద డే బిఫోర్ అనాలి.

టుమారో ఇంకా సరదాగా ఉంటుంది. సోమవారం ఎవరో "ఐ విల్ కమ్ టుమారో" అన్నారు. మంగళవారం ఉదయం మీరు ఇంకొకరికి చెప్తున్నారు. అప్పుడు "హి సెడ్ హి వుడ్ కమ్ టుడే" అవుతుంది. టుమారో మారి టుడే అయింది! ఏ గైడు పట్టికలోనూ ఇది ఉండదు. పరీక్షలో మాట ఎప్పుడు అన్నారో, ఎప్పుడు చెప్తున్నారో ఇవ్వరు కాబట్టి వేరే రోజు, వేరే చోట అని ముందే ఒప్పుకుని పట్టిక తయారుచేశారు.

హియర్, దిస్ కూడా అంతే. పుస్తకం ఇంకా బల్ల మీదే ఉంటే "దిస్ బుక్" అని ఎందుకు అనకూడదు? అనవచ్చు. పరీక్షలో మాత్రం బల్ల కనిపించదు కనుక దట్.

పట్టిక బట్టీ పట్టినవాళ్ళకు ఇంకో చిక్కు. "నౌ, లిజన్ టు మి" అన్నప్పుడు నౌ కాలం చెప్పడం లేదు, "సరే, విను" అన్నట్టు ఊతపదం. దాన్ని దెన్ చేస్తే అర్థం పోతుంది, తీసేయడమే. మాట కాలాన్ని చెప్తోందా లేదా అని చూసుకున్నాకే చేయి వేయాలి. వారాల పేర్లు, తేదీలు ఎలాగూ మారవు. మండే ఎప్పుడు చెప్పినా మండేనే.

న్యూజెర్సీ_నాన్న
సోమవారం-శుక్రవారం లెక్కతో తెలిసింది. ధన్యవాదాలు. మా అమ్మాయి ఆ రోజు సాయంత్రమే చెప్పింది, అందుకే వినడానికి సరిగ్గా ఉంది.

గ్రూప్స్_గౌతమ్
మధ్యలో నా సందేహం కూడా తీర్చండి అన్నలూ. బిట్టు ఇలా ఉంది.

రవి సెడ్ టు మి, "వేర్ డిడ్ యూ గో యెస్టర్‌డే?"

నేను పెట్టింది: రవి ఆస్క్డ్ మి వేర్ హ్యాడ్ ఐ గాన్ ద ప్రీవియస్ డే. కీలో తప్పు అన్నారు. టెన్స్ మార్చాను, ప్రొనౌన్ మార్చాను, రోజు మార్చాను. ఇంకేం మార్చాలి?

ఇంకోటి. రవి సెడ్ టు మి, "వీ ఆర్ లేట్." దీనికి ఒక కీలో "దే వర్ లేట్" అని, ఇంకో కీలో "వీ వర్ లేట్" అని ఉంది. ఏది నమ్మాలి?

కోచింగ్_కిరణ్
రెండోదానికి దే వర్ లేట్. ఎస్-ఓ-ఎన్ ప్రకారం వీ అనేది సబ్జెక్టును బట్టి మారాలి. సబ్జెక్టు రవి, కాబట్టి దే.

ఓరుగల్లు_మాష్టారు
ఎస్-ఓ-ఎన్ పనిచేయని చోటు ఇదే కిరణ్. వీలో ఎవరెవరు ఉన్నారో సూత్రానికి తెలియదు. ఇక్కడ మాత్రం ఇంగ్లీషువాడికి లేని సౌకర్యం మనకు ఉంది. వాక్యాన్ని తెలుగులో అనుకోండి. రవి గౌతమ్‌తో "మనం లేటయ్యాం" అన్నాడా, "మేము లేటయ్యాం" అన్నాడా? మనం అయితే గౌతమ్ కూడా అందులో ఉన్నాడు, చెప్పేవాడు గౌతమే కనుక "రవి టోల్డ్ మి దట్ వీ వర్ లేట్." మేము అయితే రవి, అతని వాళ్ళు మాత్రమే, కనుక "దే వర్ లేట్." బయట వినేవాడు మి కాకుండా లత, సురేష్ లాంటి పేరైతే మనం అయినా మేము అయినా దే అనే వస్తుంది. అందుకే ఈ తేడా చాలామందికి కనబడదు. మి, అజ్ ఉన్నప్పుడే బయటపడుతుంది.

బిట్టులో ఇంకేమీ చెప్పకుండా వాక్యం ఒక్కటే ఇస్తే రెండు కీలకూ చోటు ఉంది. రెండూ ఆప్షన్లలో ఉంటే ప్రశ్నే సరిగ్గా లేదు. ఒక్కటే ఉంటే అది పెట్టి ముందుకు వెళ్ళు.

మొదటి బిట్టు. నువ్వు మార్చిన మూడూ సరే. కొటేషన్లు పోగానే అది ప్రశ్న కాదు, "ఎక్కడికి వెళ్ళానో అడిగాడు" అన్న మామూలు వాక్యం. కాబట్టి కర్త ముందు, క్రియ వెనక: "రవి ఆస్క్డ్ మి వేర్ ఐ హ్యాడ్ గాన్ ద ప్రీవియస్ డే." ప్రశ్నగుర్తు కూడా పోతుంది. డిడ్ సంగతి కూడా చూసుకో. డిడ్ పోయిందంటే అందులో ఉన్న భూతకాలం గో మీదకు వస్తుంది, వెంట్ అవుతుంది, ఒక మెట్టు వెనక్కి వెళ్తే హ్యాడ్ గాన్. చాలామంది డిడ్ తీసేసి గోను అలాగే వదిలేస్తారు, లేదా హ్యాడ్ పెట్టి "హ్యాడ్ గో" అంటారు. హ్యాడ్ పక్కన క్రియ మూడో రూపం ఉందో లేదో చూడటం ఒక్క సెకను పని.

గ్రూప్స్_గౌతమ్
మనం-మేము ఐడియా సూపర్ మాష్టారూ. అయితే ఇంకొక్కటి, ఇదే ఆఖరు. ద టీచర్ సెడ్, "తెలంగాణ వజ్ ఫార్మ్‌డ్ ఆన్ సెకండ్ జూన్ 2014." దీన్ని "హ్యాడ్ బీన్ ఫార్మ్‌డ్" చేయాలా?

కోచింగ్_కిరణ్
చరిత్రలో జరిగిన సంగతి, తేదీతో సహా ఉంది. మార్చకూడదు. వజ్ ఫార్మ్‌డ్ అనే ఉంచాలి. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు లాంటి వాక్యాల్లా.

బెజవాడ_డెస్క్
ఉంచడం మంచిదే, కానీ "మార్చకూడదు" అనడం ఎక్కువ. 2014 జూన్ 2 అని తేదీ ఉంది, ఏది ముందు జరిగిందో సందేహం రాదు, కాబట్టి హ్యాడ్ అక్కర్లేదు. గేవ్ గురించి చెప్పిన కారణమే ఇది. సూర్యుడి వాక్యం వేరు. అది ఇప్పటికీ జరుగుతున్నది కనుక ప్రెజెంట్‌లోనే ఉంచుతారు. "రోజ్" అని మార్చినా వ్యాకరణం ఒప్పుకుంటుంది, పరీక్ష కీలు ఒప్పుకోవు.

ఓరుగల్లు_మాష్టారు
ఈ ఒక్కదానిలో నేను కిరణ్ పక్షం, పరీక్ష వరకు. హ్యాడ్ బీన్ ఫార్మ్‌డ్ రాసినవాడికి కీ ప్రకారం మార్కు పోయే అవకాశం ఉంది.

బెజవాడ_డెస్క్
మీరు మళ్ళీ కీ దగ్గరికే వచ్చారు మాష్టారూ :)

ఓరుగల్లు_మాష్టారు
నా దగ్గరికి వచ్చేవాళ్ళు రేపు కీతోనే కొట్లాడాలి కదా! సరే, పద్మగారి రెండు "షి"ల ప్రశ్న మిగిలిపోయింది.

అవునండీ, మొదటి షి టీచర్, రెండో షి లత. కానీ ఇన్‌డైరెక్ట్ వాక్యం ఒక్కటే చదివినవాళ్ళకు అది తెలియదు. డైరెక్ట్‌లో ఐ, యూ అని విడివిడిగా ఉన్నవి రెండూ షి, హర్ అయిపోయాయి. దీన్ని పట్టుకోవడానికి వెనక్కి తిప్పి చూడండి. ప్రశ్న మూసేసి, జవాబును మాత్రమే చూసి మళ్ళీ కొటేషన్లు పెట్టి డైరెక్ట్‌లోకి రాయండి. "షి హ్యాడ్ నాట్ ఓపెన్డ్" దగ్గర ఇది యూ కావాలా ఐ కావాలా అని చేయి ఆగిందంటే అక్కడ అర్థం రెండు రకాలుగా ఉందని. అప్పుడు రెండో షి తీసి లత అని పేరే రాయండి: "బట్ దట్ లత హ్యాడ్ నాట్ ఓపెన్డ్ ఇట్ యెట్." బట్ తర్వాత దట్ మళ్ళీ పెడితే ఆ భాగం కూడా టీచర్ అన్నదేనని తెలుస్తుంది. దట్ లేకపోతే టీచర్ అలా అంది, ఆపైన లత నిజంగానే తెరవలేదు అని రాసినవారి వ్యాఖ్యలా కూడా చదవొచ్చు. దట్ పెట్టనందుకు తప్పు అని ఎవరూ అనరు, పెడితే స్పష్టం.

టీచర్ ఆడో మగో వాక్యంలో లేదు. హి రాసినా షి రాసినా ఒప్పు. హి రాస్తే రెండు షిల గొడవే ఉండదు. కాకపోతే టీచర్‌ను చెప్పే మాట వాక్యం మొత్తం అదే ఉండాలి, ఒకచోట హి, ఇంకోచోట షి కాకుండా.

వెనక్కి తిప్పేటప్పుడు ఒక పరిమితి ఉంది, తెలుసుకోండి. హ్యాడ్ గివెన్ అనేది గేవ్ నుంచి రావచ్చు, హావ్ గివెన్ నుంచీ రావచ్చు. రెండూ ఒకే చోటికి చేరతాయి. అందుకని టెన్స్ విషయంలో ఈ పరీక్ష అన్నిసార్లూ తేల్చదు. ఇక్కడ "ద ప్రీవియస్ డే" పక్కన ఉన్నది గేవ్, "యెట్" పక్కన ఉన్నది హావ్ అని పక్క మాటలే చెప్తున్నాయి. అవి లేని వాక్యంలో ప్రొనౌన్లకు మాత్రమే దీన్ని నమ్మండి, టెన్స్‌కు సున్నాల లెక్కే నమ్మండి.

పద్మ_కర్నూలు
అందరికీ ధన్యవాదాలు. రాత్రి ఇంకో వాక్యం ఇచ్చాను. ఈసారి సున్నాలు బాబుతోనే చుట్టించాను.

రవి సెడ్ టు హిజ్ మదర్, "ఐ మస్ట్ ఫినిష్ దిస్ వర్క్ టునైట్ బికాజ్ మై టీచర్ విల్ చెక్ ఇట్ టుమారో."

బాబు ఆరు చుట్టాడు: ఐ, మస్ట్, దిస్, టునైట్, విల్, టుమారో.

రాసింది: రవి టోల్డ్ హిజ్ మదర్ దట్ హి హ్యాడ్ టు ఫినిష్ దట్ వర్క్ దట్ నైట్ బికాజ్ మై టీచర్ వుడ్ చెక్ ఇట్ ద నెక్స్ట్ డే.

నాకు సరిగ్గానే అనిపిస్తోంది.

ఓరుగల్లు_మాష్టారు
ఏడు చుట్టాలి. బికాజ్ తర్వాత మళ్ళీ చదివించండి.

బెజవాడ_డెస్క్
హ్యాడ్ టు గురించి: మస్ట్‌ను మస్ట్‌గానే ఉంచినా ఒప్పే. పని తప్పనిసరి అన్న అర్థంలో హ్యాడ్ టు బాగుంటుంది. కానీ "హి మస్ట్ బి టయర్డ్" లాంటి చోట, అలసిపోయి ఉంటాడు అన్న ఊహలో, హ్యాడ్ టు పెడితే అర్థమే మారిపోతుంది. మస్ట్ కనిపించగానే హ్యాడ్ టు అని నేర్పకండి.

ఓరుగల్లు_మాష్టారు
పాఠం మొదలుపెట్టే రోజున హ్యాడ్ టు అనే నేర్పాలి. ఊహ సంగతి తర్వాత.

పద్మ_కర్నూలు
"మై టీచర్" అండీ. "హిజ్ టీచర్" కావాలి. చదవమంటే వాడే చూపించాడు, నేను రెండుసార్లు చదివినా పట్టుకోలేకపోయాను. మస్ట్ సంగతి మీ ఇద్దరూ తేల్చుకుంటే అది కూడా నోట్సులో రాయిస్తాను.